ఎపిగ్రాఫ్‌కు కొటేషన్ గుర్తులెందుకు?

వ్యాసం పైనో నివేదిక మొదటి పేజీలోనో ఒక చిన్న ఉల్లేఖనను ఎపిగ్రాఫ్‌గా పెట్టేటప్పుడు మనవాళ్లు పాటించే పద్ధతి ఒకటుంది. దాన్ని డబుల్ కొటేషన్లలో బిగించి, చివర ఆశ్చర్యార్థకం పెట్టి, కింద ఒక పెద్దాయన పేరు రాస్తారు. అంతటితో పని అయిందనుకుంటారు. అది అలంకారమే కదా, చుక్కలూ గీతలూ ఎవరు చూస్తారు అన్నది చాలామంది సంపాదకుల మాట కూడా. ఈ మాటను నేను ఒప్పుకోను. ఎపిగ్రాఫ్‌లో ప్రతి గుర్తూ పాఠకుడికి ఒక వాస్తవం చెబుతుంది. గుర్తు తప్పితే వాస్తవమూ తప్పుతుంది.

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి వచ్చే సంచికల్లో, భాష మీద వేసే నివేదికల్లో తరచూ కనిపించే ఎపిగ్రాఫ్‌నే తీసుకుందాం. దేశభాషల్లో తెలుగు మేలైనదని చెప్పే ఆ పద్యపాదం అందరికీ నోటికి వచ్చిందే. దాని కింద ఉండేది ‘శ్రీకృష్ణదేవరాయలు’ అన్న పేరొక్కటే. కావ్యం పేరు ఉండదు, ఆ మాట ఎవరు ఎవరితో అన్నారో ఉండదు.

‘ఆముక్తమాల్యద’ తెరిచి చూడండి. కళింగ దండయాత్రకు వెళ్తూ రాయలు కృష్ణాతీరంలోని శ్రీకాకుళంలో ఆగుతాడు. ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి, తెలుగులోనే కావ్యం రాయమంటాడు, ఎందుకో కూడా చెబుతాడు. ఆ చెప్పడంలో చివరి పాదమిది. అంటే కావ్యంలో రాయలు ఈ మాట అన్నవాడు కాడు, విన్నవాడు. పైగా అది విడి ప్రకటన కాదు. ఇందరు రాజులు కొలువగా వారితో మాట్లాడినవాడివి, ఈ సంగతి నీకు తెలియదా అని దేవుడు అడిగే ప్రశ్నలో భాగం. దానికి ఆశ్చర్యార్థకం తగిలిస్తే ప్రశ్న కాస్తా నినాదమైపోతుంది. మూలంలో లేని ఆ గుర్తు పెట్టే హక్కు మనకు లేదు.

కావ్యం పేరు రాయకపోతే జరిగే నష్టం ఇంకా పెద్దది. దాదాపు ఇదే పాదం, అంతకు ముందరి ‘క్రీడాభిరామం’లో కూడా ఉంది. వినుకొండ వల్లభరాయని పేరున ప్రసిద్ధమైన ఆ రచనను శ్రీనాథుడిదన్నవారూ ఉన్నారు. అక్కడ అది పద్యంలో రెండో పాదం. సంస్కృతాన్ని భాషలన్నింటికీ తల్లిగా చెప్పిన తర్వాత వస్తుంది. ఇక్కడ దేవుడి ప్రశ్న, అక్కడ తల్లీబిడ్డల పోలిక. పేరొక్కటే రాస్తే ఏ సందర్భాన్ని తలచుకోవాలో పాఠకుడికి తెలియదు.

మరి సరైన రూపం ఏది? ఉల్లేఖనను రెండు పక్కలా లోపలికి జరిపి, పైనా కిందా ఖాళీ వదిలి అమర్చాలి. ఇది ఇతరుల మాట అని ఆ అమరికే చెబుతుంది కనుక కొటేషన్ గుర్తులు అక్కర్లేదు. చికాగో శైలి, ఏపీఏ శైలి రెండూ ఇదే అంటాయి. ఎత్తి రాసిన భాగంలో కథనం, సంభాషణ కలిసి ఉంటే సంభాషణకు మాత్రం గుర్తులు ఉంచాలి. ఎపిగ్రాఫ్ మొత్తాన్నీ గుర్తుల్లో పెడితే ఈ తేడా చూపే దారే పోతుంది. తర్వాతి వరుసలో కుడివైపు, హైఫన్ కాక పొడవాటి డ్యాష్ పెట్టి ఆధారం రాయాలి:

— ఆంధ్రవిష్ణువు, శ్రీకృష్ణదేవరాయల ‘ఆముక్తమాల్యద’లో

చివర ఫుల్‌స్టాప్ లేదు. తెలుగు అక్షరాన్ని వాల్చి అచ్చువేస్తే చదవడం కష్టం కనుక కావ్యం పేరుకు సింగిల్ కొటేషన్లు చాలు. ఎత్తుకున్నది పూర్తి పాదం కాబట్టి ముందు మూడు చుక్కలు అక్కర్లేదు. మధ్యలో మాటలు వదిలేస్తేనే ఆ చుక్కలు. ఎపిగ్రాఫ్‌కు ఫుట్‌నోట్ అంకె తగిలించకూడదు. సందర్భం వివరించాల్సి వస్తే వ్యాసంలోనే వివరించాలి.

గుర్తులు లేకపోతే ఇది వ్యాసకర్త మాటే అనుకుంటారని కొందరి అభ్యంతరం. అమరిక నిలవనిచోట, అంటే ఫోన్ సందేశంలోనో ఇరుకు కాలమ్‌లోనో, అది న్యాయమే. అక్కడ గుర్తులు ఉంచండి. పేజీ మన చేతిలో ఉన్నప్పుడు మాత్రం ఆ సాకు చెల్లదు.

సంపాదకులకు నా విన్నపం ఒక్కటే. ఎపిగ్రాఫ్‌ను అచ్చుకు పంపేముందు మూలగ్రంథంలో ఆ పుట తీసి, ఆ మాట ఎవరి నోట వచ్చిందో చూడండి. ఆ పుట దొరకకపోతే ఎపిగ్రాఫ్ తీసేయండి.