కార్బన్‌ లెక్క తగ్గిందా.. లెక్క మారిందా? కంపెనీల రిపోర్టుల్లో అసలు చూడాల్సింది ఇదే!

కంపెనీల వార్షిక నివేదికలు తిరగేస్తే ఈ మధ్య ఒక మాట తరచూ కనిపిస్తోంది. ‘మా కార్బన్‌ ఉద్గారాల తీవ్రత ఈ ఏడాది 10 శాతం తగ్గింది’ అని. వినడానికి బాగానే ఉంటుంది. కానీ పొగ గొట్టం నుంచి వచ్చే కార్బన్‌ డయాక్సైడ్‌ ఒక్క కిలో కూడా తగ్గకుండానే ఈ మాట చెప్పొచ్చు. అదీ అబద్ధం ఆడకుండా, నిబంధనలు దాటకుండా. అదెలాగో తెలియాలంటే ముందు ఈ లెక్క ఎలా వేస్తారో చూడాలి.

రూల్‌ ఏం చెబుతోంది?

స్టాక్‌ మార్కెట్‌ నియంత్రణ సంస్థ సెబీ 2021లో బీఆర్‌ఎస్‌ఆర్‌ అనే రిపోర్టును తెచ్చింది. మార్కెట్‌ విలువలో టాప్‌ 1000 లిస్టెడ్‌ కంపెనీలకు 2022-23 నుంచి ఇది తప్పనిసరి. బ్యాలెన్స్‌ షీట్‌, లాభనష్టాల ఖాతా ఉండే వార్షిక నివేదికలోనే ఇదీ ఉంటుంది. ఎంత కరెంట్‌ వాడారు, ఎన్ని నీళ్లు తోడారు, ఎంత కార్బన్‌ వదిలారు అన్నవన్నీ ఇందులో చెప్పాలి.

కార్బన్‌ను మూడు భాగాలుగా చూస్తారు. కంపెనీ సొంత బట్టీ, బాయిలర్‌, వాహనాల నుంచి వచ్చేది స్కోప్‌-1. బయటి నుంచి కొన్న కరెంట్‌ తయారీలో వెలువడింది స్కోప్‌-2. ముడిసరుకు ఇచ్చేవాళ్లు, కాంట్రాక్ట్‌ లారీలు, సరుకు వాడే కస్టమర్లు.. ఇలా మిగతాదంతా స్కోప్‌-3. ఇక్కడే అసలు కిటుకు ఉంది. బీఆర్‌ఎస్‌ఆర్‌లో మొదటి రెండూ తప్పనిసరి. స్కోప్‌-3 మాత్రం ఇష్టమైతే చెప్పొచ్చు, లేకపోతే లేదు.

ఒక సిమెంట్‌ ఫ్యాక్టరీ లెక్క

తాడిపత్రి నుంచి జగ్గయ్యపేట, నల్గొండ దాకా మన దగ్గర సిమెంట్‌ ప్లాంట్లు చాలానే ఉన్నాయి. అలాంటి ఒక ఊహా కంపెనీని తీసుకుందాం. ఏడాదికి 10 లక్షల టన్నుల క్లింకర్‌ తయారు చేసి, దాంతో 14 లక్షల టన్నుల సిమెంట్‌ అమ్ముతుంది అనుకుందాం.

క్లింకర్‌ కోసం సున్నపురాయిని కాలుస్తారు. అప్పుడు రాయిలోనే ఉన్న కార్బన్‌ డయాక్సైడ్‌ బయటికి వచ్చేస్తుంది. టన్ను క్లింకర్‌కు సుమారు 525 కిలోలు. అంటే 5.25 లక్షల టన్నులు. బట్టీని మండించే బొగ్గు, పెట్‌కోక్‌ నుంచి టన్నుకు ఇంకో 300 కిలోల దాకా. అది 3 లక్షల టన్నులు. సొంత లారీలకు 40 లక్షల లీటర్ల డీజిల్‌. లీటరుకు 2.68 కిలోల చొప్పున 10,700 టన్నులు. ఇదంతా స్కోప్‌-1.

ఇక కరెంట్‌. గ్రిడ్‌ నుంచి 10 కోట్ల యూనిట్లు కొన్నారనుకోండి. మన గ్రిడ్‌లో ఒక్కో యూనిట్‌కు సగటున సుమారు 0.7 కిలోల కార్బన్‌ డయాక్సైడ్‌ పడుతుంది. ఈ సగటును కేంద్ర విద్యుత్‌ ప్రాధికార సంస్థ ఏటా ప్రకటిస్తుంది. ఆ లెక్కన స్కోప్‌-2 వచ్చి 70 వేల టన్నులు. మొత్తం కలిపితే సుమారు 9.06 లక్షల టన్నులు.

గమనించారా? సగానికి పైగా ఉద్గారాలు రాయిలోంచే వస్తున్నాయి. ఫ్యాక్టరీ కప్పు మీద ఎన్ని సోలార్‌ ప్యానెళ్లు పెట్టినా ఈ భాగం తగ్గదు. క్లింకర్‌ వాటా తగ్గించి ఫ్లైయాష్‌, స్లాగ్‌ లాంటివి ఎక్కువ కలిపితేనే తగ్గుతుంది.

ఏమీ చేయకుండానే 10 శాతం!

ఇప్పుడు అసలు కథ. టన్ను సిమెంట్‌ రూ.5 వేలకు అమ్మితే టర్నోవర్‌ రూ.700 కోట్లు. అంటే కోటి రూపాయల టర్నోవర్‌కు 1,294 టన్నుల ఉద్గారాలు. దీన్నే తీవ్రత అంటారు.

మరుసటి ఏడాది సిమెంట్‌ ధర 10 శాతం పెరిగింది. అదే బట్టీ, అదే బొగ్గు, అన్ని బస్తాలే. టర్నోవర్‌ మాత్రం రూ.770 కోట్లు. ఇదే టైమ్‌లో కంపెనీ సొంత లారీలను ఒక కాంట్రాక్టర్‌కు అమ్మేసి, వాటినే అద్దెకు తిప్పించుకుంటోంది. అదే రోడ్డు, అదే డీజిల్‌. కానీ ఆ 10,700 టన్నులు స్కోప్‌-1 నుంచి స్కోప్‌-3కి వెళ్లిపోయాయి. స్కోప్‌-3 చెప్పాల్సిన పని లేదు కాబట్టి రిపోర్ట్‌లోనే కనిపించవు. మిగిలింది 8.95 లక్షల టన్నులు. కోటికి 1,162 టన్నులు. అంటే 10 శాతం తగ్గుదల! ఆకాశంలోకి వెళ్లిన పొగ మాత్రం నిరుడు ఎంతో, ఈ ఏడాదీ అంతే.

మరి పట్టుకోవడం ఎలా? అదే రిపోర్ట్‌లో ఉత్పత్తి పరిమాణం లెక్కన కూడా తీవ్రత అడుగుతారు. అక్కడ చూస్తే టన్ను సిమెంట్‌కు 647 కిలోలు కాస్తా 639 అయింది. తగ్గింది ఒక్క శాతం చిల్లరే. అదీ లారీలు చేతులు మారినందువల్లే. రూపాయి లెక్కలో భారీ తగ్గుదల, టన్ను లెక్కలో నామమాత్రం.. ఇలా కనిపిస్తే అనుమానించాల్సిందే. ఆ తర్వాత, నివేదికలో రవాణా ఖర్చు, అమ్మేసిన వాహనాల వివరాలు చూస్తే సంగతి బయటపడుతుంది.

ఆడిటర్‌ సంతకం ఉంది కదా?

చాలామంది ఇక్కడే పొరబడతారు. ఖాతాలపై ఆడిటర్‌ ఇచ్చే అభిప్రాయం ఈ కార్బన్‌ అంకెలకు వర్తించదు. వీటికి వేరే పరిశీలన ఉండాలి. బీఆర్‌ఎస్‌ఆర్‌ కోర్‌ పేరుతో కొన్ని ముఖ్యమైన అంకెలకు మాత్రం సెబీ దీన్ని తప్పనిసరి చేసింది. 2023-24లో టాప్‌ 150 కంపెనీలతో మొదలుపెట్టి, దశలవారీగా 1000 దాకా పెంచుతోంది. ఆ పరిశీలకుడు కూడా డీజిల్‌ బిల్లులు, కరెంట్‌ బిల్లులు, గుణకాలు సరిపోయాయా అనే చూస్తాడు. లారీలు ఎందుకు అమ్మారని అడగడం అతని పని కాదు.

ఖాతాలతో లింక్‌ ఎక్కడ?

ఇన్నాళ్లూ ఇది కాగితం మీది అంకె. ఇకపై డబ్బు లెక్క కూడా. దేశంలో వస్తున్న కార్బన్‌ క్రెడిట్‌ ట్రేడింగ్‌ పథకంలో సిమెంట్‌ కూడా ఉంది. ఇక్కడ టార్గెట్‌ రూపాయికి కాదు, టన్ను ఉత్పత్తికి. అంటే ధర పెంచి తప్పించుకునే దారి లేదు. టార్గెట్‌ అందుకోకపోతే తగ్గిన ప్రతి టన్నుకూ ఒక సర్టిఫికెట్‌ కొనాలి. మన ఊహా కంపెనీకి 20 వేల టన్నులు తక్కువ పడి, సర్టిఫికెట్‌ ధర రూ.800 అనుకుంటే ఏటా రూ.1.6 కోట్ల ఖర్చు. పాత బట్టీ ఇంకో 20 ఏళ్లు నడుస్తుందని ఖాతాల్లో విలువ కట్టి ఉంటే, ఆ అంచనాలో ఈ ఖర్చు కలిపారా లేదా అన్నదే ప్రశ్న.

వరద, వేడి లాంటి ముప్పులదీ అదే తీరు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ మునిగింది. అలాంటి చోట గోదాము ఉన్న కంపెనీ, రిపోర్ట్‌ ముందు పేజీల్లో ‘వాతావరణ ముప్పు ఎక్కువ’ అని రాసి, వెనక ఖాతాల నోట్స్‌లో ఆస్తుల విలువ గురించి, బీమా గురించి ఒక్క మాట రాయకపోతే ఆ రెండింటికీ పొత్తు కుదరనట్టే.

అందుకే షేర్‌ కొన్నవాళ్లు మూడు చోట్ల చూస్తే చాలు. మొత్తం టన్నులు నిరుటితో పోలిస్తే ఎంత? టన్ను సరుకుకు ఎంత? స్కోప్‌-3 గడి ఖాళీగా ఉందా? ఈ మూడూ చూశాకే ఆ ‘10 శాతం’ మాట నమ్మాలా వద్దా అన్నది తేలుతుంది.