మాల వేసుకున్న మూడో రోజు

మహేశ్వరంలో ఇద్దరు అయ్యప్ప మాల వేసుకుని ఒకేసారి మందు మానేశారనుకోండి. ఒకరికి రెండ్రోజులు నిద్ర తగ్గిందంతే. ఆయనది ఎక్కువగా తాగే అలవాటు కావచ్చు. రెండో ఆయనకు ఒకప్పుడు క్వార్టర్‌తో ఎక్కే మత్తు ఇప్పుడు హాఫ్ తాగితే గానీ ఎక్కదు. ఆయన మెదడు మందుకు సర్దుకుపోయింది. అది ఆగగానే మర్నాటికే చేతులు వణికాయి, చెమటలు పట్టాయి. మూడో రోజు లేనివి కనిపించాయి. ఇది స్వామి ఆగ్రహం కాదు. ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. వెంటనే ఆస్పత్రికి తీసుకురండి.

మాల తీశాక ‘మళ్లీ తాగకు’ అంటే ‘నా ఇష్టం’ అంటాడు. మేం మాత్రం తాగితే బాగుండేదేమిటో ముందు అడుగుతాం.

‘ఒళ్లునొప్పులు తెలియవు సార్.’

‘బాగోలేనిది?’

‘పాప దగ్గరికి రాదు.’

‘పాప రావాలని ఉంది మీకు. మానగలనన్న నమ్మకం పదికి ఎంత?’

‘నాలుగు.’

‘సున్నా ఎందుకు కాదు?’

‘నలభై ఒక్క రోజులు ఉన్నా కదా సార్!’