ఒకే పేపర్‌ని ఐదుసార్లు లెక్కపెట్టొద్దు

గత నెల మా జూనియర్ ఒకతను తన సీవీ పంపించాడు. ఎంటెక్ అయిపోయింది, పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది, ఒకసారి చూసిపెట్టమన్నాడు. ‘పబ్లికేషన్స్’ అనే హెడ్డింగ్ కింద ఎనిమిది ఎంట్రీలున్నాయి. అప్పుడే ఎనిమిదా అని ముచ్చటేసింది. రెండోసారి చదివితే తేలిందేమిటంటే, అతను చేసిన పనులు మూడే.

మొదటిది పాత తెలుగు పుస్తకాల ఓసీఆర్ మీద. దాన్ని ముందు ఆర్కైవ్‌లో ప్రీప్రింట్‌గా పెట్టాడు, తర్వాత ఒక వర్క్‌షాప్‌లో చిన్న పేపర్‌గా వచ్చింది, ఈ మధ్యే పెంచి రాసిన పేపర్‌ని జర్నల్ అంగీకరించింది. మధ్యలో ఒక పోస్టర్, ఒక టాక్. టైటిల్‌లో ఒక్కో మాట మార్చి ఐదు ఎంట్రీలు రాశాడు. రెండోది కాన్ఫరెన్స్ పేపర్, అందులో ఇతను రెండో ఆథర్. దాని మీద మొదటి ఆథర్ ఇచ్చిన టాక్ కూడా ఇతని లిస్టులో చేరింది. మూడోది జర్నల్‌కి పంపాడు, జవాబు రాలేదు. కానీ జర్నల్ పేరు మాత్రం బోల్డ్‌లో ఉంది.

ఇందులో అబద్ధం పెద్దగా లేదు. చిక్కల్లా ఒకటే. సీవీ చూసే ప్రొఫెసర్ ముందు వెతికేది ఇతరులు సమీక్షించి అంగీకరించిన పని ఏది అని. అది కనబడకుండా అన్నీ ఒకే కుప్పలో పోస్తే, ఆయనే కూర్చుని వేరు చేస్తారు. మూడే అని తేలాక మిగతా పేజీని కూడా అదే అనుమానంతో చదువుతారు.

మేం అరగంట కూర్చుని ఇలా మార్చాం. మొదట జర్నల్ పేపర్, పక్కన ‘యాక్సెప్టెడ్’ అని. ప్రీప్రింట్‌కి వేరే ఎంట్రీ లేదు, దాని లింక్ ఈ ఎంట్రీ చివరే చేరింది. తర్వాత కాన్ఫరెన్స్ పేపర్, డీఓఐతో. మా కంప్యూటర్ సైన్స్‌లో కాన్ఫరెన్స్‌లోని ఫుల్ పేపర్ రివ్యూ అయిన పబ్లికేషనే, అందుకే దానికి పైన చోటు. బయాలజీ, మెడిసిన్ వాళ్లకి కాన్ఫరెన్స్ అంటే చాలాసార్లు అబ్‌స్ట్రాక్ట్ మాత్రమే, వాళ్లు దాన్ని కిందకే దించాలి. వర్క్‌షాప్ పేపర్ విడిగా రాశాం. పెద్ద కాన్ఫరెన్స్‌తో పాటు జరిగిన వర్క్‌షాప్‌ని ఆ కాన్ఫరెన్స్ పేరుతోనే రాసేయడం చాలామంది చేసే పొరపాటు. ‘వర్క్‌షాప్’ అన్న మాట కచ్చితంగా ఉండాలి. ప్రతి విభాగంలోనూ కొత్తది పైన, పాతది కింద. ఆథర్ల వరస అచ్చులో ఉన్నట్టే ఉంచి, తన పేరు మాత్రం బోల్డ్ చేశాడు.

జవాబు రానిది చివర్న, ‘అండర్ రివ్యూ’ అని. జర్నల్ పేరు తీసేయించాను. పంపడానికి ఎవరైనా పంపొచ్చు కదా, ఆ పేరు గొప్పతనం అప్పుడే మనది కాదు. ‘మైనర్ రివిజన్’ అని మెయిల్ వచ్చినా అది ఇంకా అండర్ రివ్యూనే. యాక్సెప్టెన్స్ మెయిల్ చేతిలో ఉంటేనే ‘యాక్సెప్టెడ్’. సగం రాసి వదిలేసినవి ‘ఇన్ ప్రిపరేషన్’ అంటూ పెట్టడం నాకైతే నచ్చదు.

టాక్‌లకి వేరే హెడ్డింగ్. అక్కడికి అతను ఇచ్చిన టాక్, పోస్టర్ వెళ్లాయి. ఏది టాక్, ఏది పోస్టర్ అని రాసి ఊరు, నెల, సంవత్సరం చేర్చాం. సహ రచయిత ఇచ్చిన టాక్ కొట్టేశాం. ఎవరైనా పిలిచి మాట్లాడించిన టాక్ ఉంటే దాన్ని ‘ఇన్వైటెడ్’ అని పైన పెట్టాలి. అప్లై చేసి ఎంపికైనవి దాని కింద. సొంత డిపార్ట్‌మెంట్ సెమినార్‌ని ఇన్వైటెడ్ అనేస్తే మాత్రం నవ్వుతారు.

అసలు గొడవ ‘గ్రాంట్స్’ దగ్గర వచ్చింది. అక్కడ రెండు ఎంట్రీలు: కాన్ఫరెన్స్‌కి వెళ్లడానికి వచ్చిన ప్రయాణ సాయం ఒకటి, గైడ్ గారి 28 లక్షల ప్రాజెక్టు ఇంకొకటి. "అందులో జేఆర్‌ఎఫ్‌గా నేనే కదన్నా పని చేసింది" అన్నాడు. నిజమే, కానీ గ్రాంట్ అంటే ప్రపోజల్‌లో పీఐగానో కో-పీఐగానో పేరుండి తెచ్చుకున్న డబ్బు. జేఆర్‌ఎఫ్‌గా చేసింది ఉద్యోగం. అది ‘రీసెర్చ్ ఎక్స్‌పీరియెన్స్’లోకి వెళ్లింది, మొత్తం తీసేసి ప్రాజెక్టు పేరు, నిధులిచ్చిన సంస్థ, తన కాలం మాత్రం రాశాం. ప్రయాణ సాయం ‘అవార్డులు, ఫెలోషిప్‌లు’ కిందకి మారింది. దాంతో గ్రాంట్స్ హెడ్డింగే లేకుండా పోయింది. ఈ దశలో అది లేకపోతే ఎవరూ అడగరు. రేపు సొంత గ్రాంట్ వచ్చాక సంస్థ, తన పాత్ర, మొత్తం, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా అనే నాలుగూ రాసుకుంటే సరిపోతుంది.

ఎనిమిది ఎంట్రీలు నాలుగు పేపర్లు, రెండు ప్రెజెంటేషన్లు అయ్యాయి. "తగ్గిపోయిందన్నా" అని కాసేపు దిగులుపడ్డాడు. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న జర్నల్ పేపర్ మీదే వచ్చిందట, లోపల రెండో ఆథర్‌గా తను చేసిందేమిటో కూడా అడిగారట. ఫలితం ఇంకా రాలేదు. ఈలోగా మూడో పేపర్ తిరిగొచ్చింది. ఆ ఎంట్రీ ప్రస్తుతానికి తీసేసి, ప్రీప్రింట్‌గా పెట్టాక మళ్లీ చేర్చమన్నాను.