శబ్దానికి బెదిరే బిడ్డకు ఏ బొమ్మ ఇవ్వాలి?

మూడేళ్ల బిడ్డ పుట్టినరోజుకు మేనమామ బ్యాటరీ కారు తెచ్చాడనుకోండి. మీట నొక్కగానే సైరన్ మోగుతుంది, ఎర్రదీపాలు మిలమిలా వెలుగుతాయి. బిడ్డ చెవులు మూసుకొని తల్లి వెనుక దాక్కుంటాడు. "అలవాటైతే అదే పోతుందిలే" అంటూ ఎవరో మళ్లీ మీట నొక్కుతారు. పొరపాటు అక్కడే జరుగుతుందని నా అభిప్రాయం. కొందరు పిల్లలు శబ్దాన్ని, వెలుగును, స్పర్శను మనకంటే ఎంతో తీవ్రంగా గ్రహిస్తారు. మనకు సరదా అనిపించే మోత వారికి బాధ. ఆటిజం ఉన్న పిల్లల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. అయితే ఇటువంటి ప్రతి బిడ్డకూ ఆటిజం ఉందని భావించకూడదు.

మోగే బొమ్మను కొనేముందు మీ చెవి దగ్గర పెట్టుకొని వినండి. పిల్లలు బొమ్మను ముఖానికి ఆనించుకొని ఆడుకుంటారు. దూరం సగానికి తగ్గినప్పుడల్లా శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. మీకే చిరాకు కలిగితే ఆ బొమ్మను అక్కడే వదిలివేయండి. శబ్దాన్ని పూర్తిగా ఆపే మీట లేని బొమ్మ కూడా వద్దు.

"సెన్సరీ బొమ్మ" అన్న పేరు చూసి మోసపోకండి. నీటిలో వేస్తే ఉబ్బే రంగురంగుల జెల్ పూసలను ఆ పేరుతో కూడా అమ్ముతున్నారు. బిడ్డ మింగితే అవి పేగులో ఉబ్బి దారిని మూసివేయగలవు. సాధారణ ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. చిన్నపిల్లలున్న ఇంట్లో అవి ఉండనే కూడదు. బిళ్ల బ్యాటరీ ఉన్న బొమ్మకు మూత స్క్రూతో బిగించి ఉండాలి. ఆ బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే తీవ్రమైన గాయం కావచ్చు. మింగాడన్న అనుమానం కలిగినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

మరి ఏమి ఇవ్వాలి? ఏటికొప్పాక బొమ్మలు నాకు నచ్చుతాయి. అంకుడు కర్రను తరిణి పట్టి, లక్కపూత పూసి చేస్తారు. అంచులు నున్నగా ఉంటాయి, బ్యాటరీ ఉండదు, బిడ్డ తిప్పినంత మేరకే కదులుతాయి. సహజ రంగులేనా అని మాత్రం అడిగి కొనండి. లక్కపిడతల వంటి చిన్న వస్తువులు నోట్లో ఇమిడిపోతాయి కాబట్టి, ఇంకా బొమ్మలను నోట్లో పెట్టుకునే బిడ్డకు పెద్ద బొమ్మనే ఎంచుకోండి. కర్మాగారంలో తయారైన బొమ్మ అయితే ఐఎస్ఐ గుర్తు చూడండి.

ఇచ్చే తీరు కూడా ముఖ్యమే. పదిమంది చప్పట్ల మధ్య, గరగరలాడే కాగితం చించి ఇవ్వకండి. వేడుక ముగిశాక లేదా మరునాడు, ఒక్క బొమ్మను బిడ్డ ముందు ఉంచి మౌనంగా కూర్చోండి. ముట్టుకోవాలా వద్దా అన్నది వాడికే వదలండి. ముఖం తిప్పుకున్నా, చెవులు మూసుకున్నా, చేతులు విదిలించి ఏడ్చినా అది మొండితనం కాదు, "ఇక చాలు" అని చెప్పడం. బొమ్మను తీసి పక్కన పెట్టండి.

అన్నిటికంటే ముందు తల్లిని ఒక మాట అడగండి: "అమ్మా, వీడు దేనితో ఎక్కువసేపు ఆడుకుంటాడు, దేన్ని చూస్తే పారిపోతాడు?" దుకాణదారుడి సలహా కంటే ఆమె సమాధానమే మీకు ఎక్కువ పనికొస్తుంది.