గ్రూపు బయట రాసే నాలుగు మాటలు

2012 ఏప్రిల్ 15న ఉస్మానియా క్యాంపస్‌లో జరిగిన పెద్దకూర పండుగ ఘర్షణలతో ముగిసింది. 2015 డిసెంబరు 10న మళ్లీ తలపెడితే హైకోర్టు వద్దంది, పోలీసులు విద్యార్థులను అదుపులోకి తీసుకున్నారు. పెద్దకూర మీది వాదన క్యాంపస్ గోడలు దాటి సీతాఫల్‌మండి, తార్నాక ఇళ్లలోని ఫోన్లకు చేరి చాలా కాలమైంది.

ఒక పాత హాస్టల్ గ్రూపు ఉందనుకుందాం. ఎవరో ఆ పండుగనాటి ఫొటో పెట్టారు. ఒకడు "మీకు సంస్కారం ఎక్కడిది" అన్నాడు. ఇంకొకడు "మీరు మమ్మల్ని మనుషుల్లా చూసిందెప్పుడు" అని తిప్పికొట్టాడు. అక్కడినుంచి ఒకే మెస్‌లో తిన్న ఇద్దరూ రెండు కులాల తరఫున మాట్లాడతారు. అందరూ చూస్తుంటే ఎవరికీ వెనక్కి తగ్గాలనిపించదు. అందుకే మొదటి మాటన్నవాడు గ్రూపు బయట, విడిగా క్షమాపణ రాయాలి.

వాట్సాప్‌లో గ్రూపు మెసేజ్‌కు విడిగా జవాబిచ్చే సదుపాయం ఉంది. దాన్ని వాడకపోవడమే మేలు. అవతలివాడు రాసిన ఘాటు మాట మన జవాబు పైనే అతికి కనబడుతుంది, ఛార్జిషీటులా. విడిగా చాట్ తెరిచి కొత్తగా మొదలుపెట్టాలి. "నువ్వు బాధపడి ఉంటే సారీ" అని రాస్తే తప్పు అతని మనసుదే అన్నట్టవుతుంది. "సారీ, కానీ" అంటే వాదన మళ్లీ మొదలైనట్టే. ఇలా రాయవచ్చు:

"అరే, పొద్దున సంస్కారం అని నేనన్న మాట తప్పు. నిన్నే కాదు, మీ ఇంటోళ్లందరినీ అన్నట్టయింది. ఆ పండుగ మీద నా అభిప్రాయం నాకుంది, నీది నీకుంది. దాని గురించి ఇప్పుడు వద్దు. ఆదివారం ఆర్ట్స్ కాలేజ్ స్టేషన్ కాడ కలుద్దామా? వీలు కాకుంటే ఫికర్ లేదు."

ఇందులో అన్న మాట పేరు పెట్టి ఒప్పుకోవడం ఉంది. నమ్మకాన్ని వదులుకోవడం లేదు. రమ్మని పిలిచినా ఒత్తిడి లేదు. నీలం టిక్కులు పడి జవాబు రాకపోతే రెండోసారి కదిలించకూడదు. చదివినవాడికి కోపం దిగడానికి రెండు రోజులు పట్టవచ్చు. ఈలోగా ఆ చాట్ స్క్రీన్‌షాట్ మూడోవాడి చేతికి పోయిందా, ఇక ఆ మాటను నమ్మేవాడుండడు.

అయితే విడిగా చెప్పిన క్షమాపణకు ఒక హద్దు ఉంది. సంస్కారం లేదన్న మాట ఒక్క స్నేహితుడికే తగల్లేదు. ఆ గ్రూపులో పెద్దకూర తినే ఇళ్లనుంచి వచ్చి, ఆ పొద్దున నోరు మెదపకుండా చదివినవాళ్లు ఇంకా ఉంటారు. వాళ్లకు ఈ నాలుగు మాటలు అందవు. మెసేజ్‌ను తొలగిస్తే చాలదు, వాళ్లు అప్పటికే చదివేశారు. స్నేహితుడితో మాట కలిశాక, నలుగురిలో అన్నదాన్ని నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి: "పొద్దున నేనన్న మాట తప్పు, వెనక్కి తీసుకుంటున్నా." స్నేహితుడి పేరెత్తకుండా, విడిగా ఏం మాట్లాడుకున్నారో చెప్పకుండా, ఆ ఒక్క వాక్యం పెట్టి ఊరుకోవాలి.