శాతం లేకపోయినా పని కనపడాలి

హెచ్‌ఆర్, ఆఫీసు ఉద్యోగాల రెజ్యూమెలో ప్రతి లైనుకూ ఒక శాతం ఉండాలని చెప్తుంటారు. మేం ఒప్పుకోం. సేల్స్‌లో అయితే అమ్మకం లెక్క ఉంటుంది. కాగితాలు సరిచూసే పనికి "సామర్థ్యం 40 శాతం పెంచాను" అని రాస్తే, ఇంటర్వ్యూలో "ఎలా కొలిచావు?" అన్న ఒక్క ప్రశ్నకే ఆగిపోతాం.

అలాగని "ఆఫీసు పనుల్లో సాయం చేశాను" అంటే ఏమీ తెలీదు. ఫలితం లెక్కకు రాకపోయినా పని లెక్కకు వస్తుంది. ఎంతమందివి చూశాం, ఎప్పటిలోగా చూశాం, ఏ తప్పు పట్టుకున్నాం, అది ఎవరికి పనికొచ్చింది అన్నవి రాయొచ్చు.

మన హాస్టళ్లలో స్కాలర్‌షిప్ కాగితాలు చూసిపెట్టే వాళ్లున్నారు కదా. ఉదాహరణకు వాళ్లు ఇలా రాయొచ్చు: "60 మంది స్కాలర్‌షిప్ కాగితాలు సరిచూశాను. ఆధార్‌లో, టెన్త్ మెమోలో పేరు కలవని 7 దరఖాస్తులు గుర్తించి, గడువుకు 10 రోజుల ముందే వార్డెన్‌కు జాబితా ఇచ్చాను." ఇందులో ప్రతి ముక్కనూ అడిగితే వివరించగలం. "అందరికీ స్కాలర్‌షిప్ ఇప్పించాను" అని మాత్రం రాయొద్దు. మంజూరు చేసేది ఆఫీసర్లు, మనం కాదు.

ఈ అంకెలు తర్వాత గుర్తుండవు. పని జరుగుతున్నప్పుడే, ఏ రోజుకు ఆ రోజు నోటుబుక్కులో రాసిపెట్టుకోవాలి.