సామగ్రి సంగతులు: అరవై ఆరు రోలర్ల లెక్క

ఇంట్లో రెండు గ్యాసు సిలిండర్లు ఉన్నవారికి భద్రతా నిల్వ అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. మొదటిది అయిపోయిన రోజున రెండవది బిగించి, వెంటనే బుకింగు చేస్తారు. కొత్తది వచ్చేలోగా బంధువులు దిగినా పొయ్యి ఆరదు. అయితే ఆ రెండవ సిలిండరుకు కట్టిన డిపాజిట్టు, వంటింట్లో అది ఆక్రమించిన చోటు మనం ఏడాది పొడుగునా భరిస్తున్న ఖర్చే. మూడవది కూడ ఉంటే మరింత నిశ్చింత కదా అని ఎవరూ అనరు. ఎందుకు అనరో ఆలోచిస్తే, ఈ నెల చెప్పదలచిన విషయం సగం తెలిసినట్లే.

ఏ కర్మాగారంలోనైనా స్టోర్సు విభాగం రెండు వైపుల నుండి మాట పడుతుంది. షాపు వారు "అడిగిన రోజున సామాను ఉండదు" అంటారు. అకౌంట్సు వారు "ఇంత సామాను కదలకుండా ఎందుకు పడి ఉంది?" అంటారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉన్నది. ఎంత నిల్వ ఉంచాలన్నది గొంతు పెద్దదైన వారి మాటను బట్టి కాక, లెక్కను బట్టి తేల్చుకొనడం ఎట్లాగో ఒక మచ్చు ఉదాహరణతో చూద్దాం.

కన్వేయరు బెల్టును మోసే రోలర్లను తీసుకుందాం. ఒక షాపు పన్నెండు నెలలలో వరుసగా 92, 118, 75, 114, 131, 88, 86, 70, 112, 124, 85, 105 రోలర్లు వాడినదనుకుందాం. మొత్తం 1,200, నెలకు సగటున 100. ఇండెంటు వేసిన నాటి నుండి సరుకు తనిఖీ పూర్తయి ర్యాకులోకి చేరేసరికి 4 నెలలు పడుతుంది. దీనిని సరఫరా వ్యవధి అందాం. కావున నిల్వ 400కు దిగినప్పుడు ఆర్డరు పెడితే సరిపోతుందని తోస్తుంది. కాని సగటు అంటేనే కొన్నిసార్లు మించుతుంది, కొన్నిసార్లు తగ్గుతుంది. 400 వద్ద ఆర్డరు పెడితే, దాదాపు ప్రతి రెండు పర్యాయాలలో ఒకసారి కొత్త సరుకు రాకముందే ర్యాకు ఖాళీ అవుతుంది. ఈ హెచ్చుతగ్గులను తట్టుకొనడానికి పైన ఉంచేదే భద్రతా నిల్వ.

హెచ్చుతగ్గులను కొలవడానికి గణాంకశాస్త్రంలో ప్రామాణిక విచలనం అనే కొలమానం ఉన్నది. ప్రతి నెల వాడకం సగటుకు ఎంత దూరంలో ఉన్నదో చూసి, ఆ తేడాలను వర్గం చేసి కూడాలి. మన ఉదాహరణలో ఆ మొత్తం 4,380. దానిని నెలల సంఖ్య కంటె ఒకటి తక్కువగా, అనగా 11తో భాగించి వర్గమూలం తీస్తే దాదాపు 20 వస్తుంది. మాటలలో చెప్పాలంటే, నెలవారీ వాడకం సగటుకు ఇరువైపుల సాధారణంగా 20 రోలర్ల మేర ఊగుతున్నది.

ఇక్కడ తరచు జరిగే పొరపాటు ఒకటున్నది. ఒక నెలకు 20 అయితే నాలుగు నెలలకు 80 అని గుణించి వేస్తారు. నాలుగు నెలలూ ఒకే వైపుకు మొగ్గడం అరుదు. ఒక నెల పెరిగినది మరొక నెల తగ్గినదానితో కొంత సరిపోతుంది. అందువల్ల కూడవలసినది విచలనాలను కాదు, వాటి వర్గాలను. 20 వర్గం 400. నాలుగు నెలలకు 1,600. దాని వర్గమూలం 40. సరఫరా వ్యవధి మొత్తానికి ఊగిసలాట 40 రోలర్లు మాత్రమే. అయితే ఒక నెల వాడకానికి మరుసటి నెల వాడకంతో సంబంధం లేనప్పుడే ఇది చెల్లుతుంది. వానాకాలంలో నీరు, బురద సీళ్ళు దాటి బేరింగులలో చేరి రోలర్లు వరుసగా బిగిసిపోతుంటే, ఆ నెలలన్నీ కలిసి పెరుగుతాయి. అప్పుడు 40 చాలదు. ఆ కాలానికి సగటునే వేరుగా లెక్కించుకోవాలి.

ఇక మిగిలినది మనం కోరే సేవాస్థాయి. 95 శాతం సేవాస్థాయి అంటే, నూరుసార్లు ఆర్డరు పెడితే 95 సార్లు కొత్త సరుకు వచ్చేదాకా నిల్వ అయిపోకుండా ఉండడం. అంతేగాని నూరు రోలర్లు అడిగితే 95 మాత్రమే ఇవ్వడం కాదు. వాడకం గంట ఆకారపు వక్రరేఖను అనుసరిస్తుందనుకుంటే, ఒక్కొక్క సేవాస్థాయికి ఒక్కొక్క గుణకం పట్టికలలో దొరుకుతుంది: 90 శాతానికి 1.28, 95 శాతానికి 1.645, 99 శాతానికి 2.33. ఆ గుణకాన్ని 40తో హెచ్చించడమే మిగిలిన పని. 95 శాతానికి 66 రోలర్లు వస్తాయి. కావున ఆర్డరు పెట్టవలసిన స్థాయి 400కు 66 కలిపి 466. కంప్యూటరులో పన్నెండు నెలల అంకెలను ఒక వరుసలో నింపి, ఎక్సెల్‌లో ఈ ఒక్క పంక్తి టైపు చేసినా అదే 66 వస్తుంది:

```
=ROUNDUP(NORM.S.INV(0.95)*STDEV.S(B2:B13)*SQRT(4),0)
```

ఇప్పుడు అకౌంట్సు వారి ప్రశ్నకు వద్దాం. ఈ 66 రోలర్ల ఖర్చెంత? రోలరు ధర 1,500 రూపాయలనుకుందాం. సరుకులో ఇరుక్కున్న డబ్బుకు వడ్డీ 12 శాతం, గిడ్డంగి చోటు, బీమా కలిపి 3 శాతం, గ్రీజు గట్టిపడి చెడిపోవడం, నమూనా మారి పనికిరాకుండాపోవడం వంటివాటికి 5 శాతం. వెరసి ఏటా 20 శాతం, అనగా రోలరుకు 300 రూపాయలు. ఆర్డరుపై వచ్చే మామూలు సరుకు వాడకంలో క్రమంగా కరుగుతుంది గనుక సగటున అందులో సగమే నిల్వ ఉంటుంది. భద్రతా నిల్వ అట్లా కాదు. సగటు లెక్కలో అది మొత్తం ఏడాదంతా ర్యాకులోనే ఉంటుంది. కావున 66 రోలర్ల నిల్వ వ్యయం ఏటా 19,800 రూపాయలు.

సేవాస్థాయిని పెంచుతూ పోతే ఈ వ్యయం ఎట్లా పెరుగుతుందో గమనించండి. 90 శాతానికి 51 రోలర్లు, 15,300 రూపాయలు. 95 శాతానికి 19,800. 99 శాతానికి 93 రోలర్లు, 27,900. 99.9 శాతానికి 124 రోలర్లు, 37,200. మొదట 5 శాతం మెరుగుదలకు 4,500 రూపాయలు పట్టింది; చివరి 0.9 శాతానికే 9,300 పట్టింది. నూటికి నూరు శాతం కావాలంటే ఈ లెక్కలో దానికి అంతమే లేదు. మూడవ సిలిండరు ఎవరూ కోరకపోవడంలోని కిటుకు ఇదే.

అయితే ఎక్కడ ఆగాలి? దీనికి జవాబు స్టోర్సులో దొరకదు, షాపులో దొరుకుతుంది. ఆర్డరుకు 600 చొప్పున ఏడాదికి రెండుసార్లు కొంటున్నామనుకుందాం. 95 శాతం వద్ద సగటున పదేళ్ళకు ఒకసారి నిల్వ అయిపోతుంది. 99 శాతం వద్ద యాభై ఏళ్ళకు ఒకసారి. అనగా ఏడాదికి 0.1 నుండి 0.02కు, 0.08 మేర తగ్గింది. అందుకు పెట్టిన అదనపు ఖర్చు 8,100 రూపాయలు. 8,100ను 0.08తో భాగిస్తే లక్ష రూపాయల పైచిలుకు వస్తుంది. ఒక్కసారి రోలర్లు లేకపోతే కలిగే నష్టం లక్షకు మించితే 99 శాతానికి వెళ్ళడం లాభం, మించకపోతే నష్టం. ఇదే తీరున 90 నుండి 95కు వెళ్ళడానికి నష్టం 45,000 దాటితే చాలు. 99 నుండి 99.9కు పోవాలంటే అయిదు లక్షలు దాటాలి.

ఆ నష్టం ఎంత అన్నది షాపు వారే చెప్పగలరు. 95 శాతం వద్ద ఒక ఆర్డరు కాలంలో వాడే 600 రోలర్లలో లోటు పడేది సగటున ఒకటి కంటె తక్కువే. కాని ఆ ఒక్కటి ఎక్కడ బిగిసిందన్నది ముఖ్యం. తిరగని రోలరుపై బెల్టు రాపిడికి దాని గొట్టం అరిగి, అంచు కత్తిలా తేలి బెల్టును కోయవచ్చు. పొడవాటి ప్రధాన బెల్టు పాడైతే లక్ష రూపాయలు లెక్కలోనికే రావు. అదే జోడుగా మరొక బెల్టు ఉన్న మార్గమైతే, రెండవదానిని నడిపి రెండు రోజులు ఆగవచ్చు. కనుక స్టోర్సులోని సామాన్లన్నిటికీ ఒకే సేవాస్థాయి విధించడం సరికాదు.

ఇంతవరకు సరఫరాదారు సరిగా నాలుగు నెలలకే ఇస్తాడనుకున్నాం. అది కూడ అర నెల అటూ ఇటూ ఊగితే, నెలకు 100 చొప్పున 50 రోలర్ల ఊగిసలాట అదనంగా చేరుతుంది. 40 వర్గం 1,600కు 50 వర్గం 2,500 కలిపితే 4,100, వర్గమూలం 64. అప్పుడు అదే 95 శాతానికి 66 బదులు 105 రోలర్లు కావాలి. ఈ ఒక్క వస్తువుపైనే ఆలస్యపు అనిశ్చితికి ఏటా 11,700 రూపాయలు చెల్లిస్తున్నామన్నమాట. ఇట్లాంటి చోట నిల్వ పెంచడం కంటె, టెండరు ఫైలు ఏ బల్లపై ఆగుతున్నదో చూసి కదపడమే చౌక.

చివరగా ఒక హెచ్చరిక. మనం లెక్కకు తీసుకునే అంకెలు బిన్ కార్డు నుండి వస్తాయి. బిన్ కార్డు చూపేది ఇచ్చిన సామానును. అడిగిన సామానును కాదు. ర్యాకు ఖాళీగా ఉన్న నెలలో ఇచ్చినది సున్న గనుక, వాడకమే లేనట్లు కనబడుతుంది, సగటు తగ్గిపోతుంది, తక్కువ నిల్వ ఉంచుతాం, మళ్ళీ ఖాళీ అవుతుంది. ఇక షాపు వారు భయపడి, దొరికిన నెలలో రెండింతలు తీసుకొని అల్మారాలో దాచుకుంటారు. దానితో నెలవారీ ఊగిసలాట పెరిగి, లెక్క ఇంకా ఎక్కువ భద్రతా నిల్వ అడుగుతుంది. ఒక పెద్ద అంకె పక్కనే సున్నలు కనబడితే, అది యంత్రం అరుగుదల కాదు, మనుషుల అపనమ్మకం అని గ్రహించాలి. దీనికి మందు, ఇవ్వలేకపోయిన ఇండెంటును కూడ తేదీతో సహా నమోదు చేసి, ఆ అంకెనే వాడకంగా లెక్కించడం.

రెండేళ్ళకొకసారి మార్చే గేరుబాక్సు వంటి సామానుకు మాత్రం ఈ గుణకాలు పనికిరావు. అక్కడ గంట ఆకారపు వక్రరేఖ కుదరదు. వాటికి పాయిజాన్ పద్ధతి వేరుగా ఉన్నది. దాని సంగతి వచ్చే సంచికలో. ఈలోగా మీ షాపులో తరచు వాడే ఒక్క వస్తువును ఎంచుకొని, పన్నెండు నెలల అంకెలు రాసి, దాని ఊగిసలాట ఎంతో తీసి చూడండి. ఇప్పుడు ర్యాకులో ఉన్నదానికీ మీకు వచ్చిన జవాబుకూ ఎంత తేడా ఉన్నదో స్టోర్సు వారికి తెలియజేయండి.